యూకే యూనివర్సిటీకి ఫీజు వాయిదాల లెటర్: డబ్బు ఎక్కడి నుంచి, ఎప్పుడు వస్తుందో ఎలా రాయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

యూకేలో ఏడాది మాస్టర్స్‌కి ఆఫర్ వచ్చి, ఫీజు ఒకేసారి కట్టలేక వాయిదాలు అడగాలనుకునే పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం ఈ పేజీ. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుంటున్నాను: ఖమ్మం అమ్మాయి, లండన్ బయట ఉన్న యూనివర్సిటీ, 2026 సెప్టెంబరు ఇన్‌టేక్, ఫీజు 19,500 పౌన్లు. లెక్క సులువుగా ఉండడానికి పౌనుకు 120 రూపాయలు అనుకుందాం. మీరు లెటర్ రాసే రోజు రేటు చూసి మార్చుకోండి.

వాయిదాలు ఇవ్వమని ప్రత్యేకంగా లెటర్ రాయాలా? యూనివర్సిటీలు ఎలాగూ ఇస్తాయి కదా?

చాలా యూనివర్సిటీలు మామూలుగానే రెండు మూడు వాయిదాలు ఇస్తాయి. రిజిస్ట్రేషన్‌కి సగం, జనవరి చివరికి మిగతా సగం అనేది తరచుగా కనిపించే పద్ధతి. అది మీకు సరిపోతే లెటర్ అక్కర్లేదు. పోర్టల్‌లో ఆ ప్లాన్ ఎంచుకుంటే చాలు. యూనివర్సిటీ పెట్టిన తేదీకి మీ డబ్బు చేతికి రాకపోతేనే లెటర్ అవసరం పడుతుంది. కాబట్టి ముందు వాళ్ల ఫీజు పాలసీ పేజీ పూర్తిగా చదవండి. ఇప్పటికే కట్టిన డిపాజిట్‌ని మొదటి వాయిదాలో కలుపుతారా, మొత్తం ఫీజులోంచి తీసేసి మిగిలినదాన్ని సగం చేస్తారా అన్నది అక్కడే ఉంటుంది. ఇది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, దీని వల్ల మొదటి వాయిదా లెక్క చాలా మారిపోతుంది.

మన ఉదాహరణలో డిపాజిట్ 4,000 పౌన్లు కట్టేశారు. ఆ యూనివర్సిటీ డిపాజిట్‌ని మొదటి సగంలో కలుపుతుంది. అంటే 9,750 లోంచి 4,000 పోను రిజిస్ట్రేషన్ నాటికి 5,750 కట్టాలి, జనవరి చివరికి ఇంకో 9,750 కట్టాలి. మొదటిదానికి ఇబ్బంది లేదు. రెండోదానిలో 2,500 పౌన్లు మాత్రం నాన్నగారి ఫిక్స్‌డ్ డిపాజిట్ మెచ్యూర్ అయ్యాకే వస్తాయి, అది ఫిబ్రవరి 10న. కాబట్టి అమ్మాయి అడగాల్సింది ఒక్కటే: ఆ 2,500కి నాలుగు వారాల గడువు. కోరిక ఎంత చిన్నగా, ఎంత స్పష్టంగా ఉంటే అవుననడం వాళ్లకి అంత తేలిక. "మా ఆర్థిక పరిస్థితి బాగాలేదు, దయచేసి సహాయం చేయండి" అని రాస్తే ఏం చేయాలో చదివేవాళ్లకి తెలియదు.

వాయిదాలు ఒప్పుకుంటే వీసాకి చూపించాల్సిన డబ్బు తగ్గుతుందా?

తగ్గదు. ఈ ఒక్క విషయం తెలియక నష్టపోయేవాళ్లు చాలామంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

యూనివర్సిటీ మీకు కాస్ ఇస్తుంది, అంటే మీకు సీటు ఇచ్చినట్టు వీసా కోసం ఇచ్చే ధ్రువీకరణ. అందులో మొదటి ఏడాది ఫీజు ఎంత, ఇప్పటి దాకా ఎంత కట్టారు అని ఉంటుంది. వీసా అధికారి ఆ రెండింటి మధ్య తేడా మొత్తం చూస్తారు. మీరు దాన్ని రెండు వాయిదాల్లో కడతారా, ఐదింటిలోనా అన్నది వాళ్లకి అనవసరం. దానికి తోడు తొమ్మిది నెలల ఖర్చు చూపించాలి. 2025 నవంబరు 11 నుంచి లండన్ బయట నెలకి 1,171 పౌన్లు, లండన్‌లో 1,529 పౌన్ల చొప్పున లెక్క.

మన అమ్మాయికి మిగిలిన ఫీజు 15,500. ఖర్చులకి తొమ్మిది నెలలకి 10,539. మొత్తం 26,039 పౌన్లు, అంటే సుమారు 31 లక్షల 25 వేలు. ఆమె దగ్గర 25 లక్షల ఎడ్యుకేషన్ లోన్, 8 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. 33 లక్షలు కాబట్టి సరిపోతుంది, అయితే మిగులు పెద్దగా లేదు. వీసా ఫీజు, హెల్త్ సర్‌ఛార్జ్, టికెట్ ఈ లెక్కలో లేవు.

డిపాజిట్ కంటే కొంచెం ఎక్కువ కట్టగలిగితే కాస్ రాకముందే కట్టి, కాస్‌లో అది నమోదైందో లేదో చూసుకోండి. కాస్ వచ్చాక కట్టారనుకోండి, దాన్ని అప్‌డేట్ చేయమని యూనివర్సిటీని అడగాలి, లేదంటే రసీదు దగ్గర పెట్టుకోవాలి.

డబ్బు ఇంకా రాలేదు కాబట్టే కదా వాయిదాలు అడుగుతున్నాం. మరి వీసాకి ఉందని ఎలా చూపిస్తాం? రెండూ పొసగవు కదా?

మంచి ప్రశ్న. లెటర్‌లో జాగ్రత్తగా రాయాల్సిన చోటు ఇదే. డబ్బు ఉంది, కానీ బయటికి వచ్చే తేదీ వేరు అని చెబితే రెండూ పొసుగుతాయి. డబ్బు లేదు, తర్వాత పుడుతుంది అని రాస్తే పొసగవు.

బ్యాంకు లోన్ శాంక్షన్ చేసింది, కానీ యూనివర్సిటీ ఇన్‌వాయిస్‌ని బట్టి విడతలుగా విడుదల చేస్తుంది. ఇది పొసుగుతుంది. ఎఫ్‌డీ నాన్న పేరు మీద ఉంది, అవసరమైతే ఈరోజే విరగ్గొట్టవచ్చు, అయితే వడ్డీ పోకుండా ఫిబ్రవరి దాకా ఉంచాలనుకుంటున్నాం. ఇదీ పొసుగుతుంది. కావాల్సినప్పుడు తీసుకోవచ్చని బ్యాంకు రాసిచ్చిన లెటర్ మాత్రం ఉండాలి, ఎందుకంటే చేతికి రాని డబ్బుని వీసా వాళ్లు లెక్కలోకి తీసుకోరు. షేర్లు, పీఎఫ్ ఆ లెక్కలోకి రావు.

"మార్చిలో మిర్చి అమ్మాక మూడో వాయిదా కడతాం" అని రాస్తే పొసగదు. ఖమ్మం, గుంటూరు యార్డులకి మిర్చి ఎప్పుడు వస్తుందో మనకి తెలుసు, ఆ ఆదాయం నిజమే. కానీ రేటు ఎంత పలుకుతుందో ఎవరికీ తెలియదు. యూనివర్సిటీకి అది హామీ కాదు, వీసాకి అది ఫండ్ కాదు. పంట డబ్బుని లోన్ వడ్డీకో, అదనపు ఖర్చులకో దాచుకోండి. లెటర్‌లోకి తేవద్దు.

అలాగే "అక్కడ పార్ట్‌టైమ్ చేసి కడతాను" అని ఎట్టి పరిస్థితిలోనూ రాయకండి. డిగ్రీ స్థాయి కోర్సులో టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు. ఆ సంపాదనని ఫీజుకి ఆధారంగా ఎవరూ ఒప్పుకోరు. పైగా చదవడానికే వస్తున్నారా అన్న అనుమానాన్ని మీరే పుట్టించినట్టవుతుంది.

బ్యాంకు శాంక్షన్ లెటర్ ఉంటే సరిపోతుందా?

ఆ లెటర్‌లో ఏముందన్నదాన్ని బట్టి ఉంటుంది. లోన్ మీ పేరు మీద ఉండాలి, నాన్నగారు కో-అప్లికెంట్‌గా ఉండవచ్చు. అది ఎడ్యుకేషన్ లోనే అని, మొత్తం ఎంతో, లెటర్ తేదీ ఏమిటో స్పష్టంగా ఉండాలి. వీసా అప్లికేషన్ రోజుకి ఆ లెటర్‌కి ఆరు నెలలు దాటకూడదు.

చాలా లెటర్లు దెబ్బతినేది చివరి పేరాలో. అక్కడ "తనఖా రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక, మార్జిన్ జమ చేశాక విడుదల చేస్తాం" అన్న షరతు ఉంటుంది. వీసా వచ్చాక విడుదల చేస్తాం అన్న షరతు ఉంటే ఇబ్బంది లేదు. ఆస్తి కాగితాల పని ఇంకా మిగిలి ఉందని కనిపిస్తే ఆ లోన్‌ని చేతిలో ఉన్న డబ్బుగా చూడరు. "ఇన్-ప్రిన్సిపల్" అని ఉన్న లెటర్‌తో అసలు ముందుకి వెళ్లకండి. ముందు బ్యాంకులో ఆ పనులు పూర్తి చేయించి, షరతులు లేని కొత్త లెటర్ అడగండి. యూనివర్సిటీకి పంపాల్సిందీ అదే.

మార్జిన్ గురించి ఒక మాట. విదేశీ చదువుకి ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా 15 శాతం దాకా మన వాటా అడుగుతాయి. యూనివర్సిటీకి ఇప్పటికే సొంతంగా కట్టిన డిపాజిట్ రసీదు చూపిస్తే చాలా బ్రాంచీల్లో దాన్ని మార్జిన్ కింద లెక్కేస్తారు. మన ఉదాహరణలో నాన్నగారు కట్టిన 4,000 పౌన్లు, అంటే 4 లక్షల 80 వేలు, అలాగే లెక్కకి వచ్చాయి.

లెటర్ ఎవరికి పంపాలి, ఎప్పుడు?

అడ్మిషన్స్ వాళ్లకి కాదు. ఫీజు వసూలు చూసే ఆఫీసు వేరే ఉంటుంది. స్టూడెంట్ ఫైనాన్స్ అనో, ఇన్‌కమ్ ఆఫీస్ అనో, క్రెడిట్ కంట్రోల్ అనో పేరు ఉంటుంది. కన్సల్టెన్సీ ద్వారా వెళ్తున్నా ఈ లెటర్ మాత్రం మీ మెయిల్ నుంచే వెళ్లాలి. సబ్జెక్ట్ లైన్‌లో స్టూడెంట్ ఐడీ, పూర్తి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. సెప్టెంబరులో వాళ్లకి ఊపిరి ఆడదు. జులైలోనో ఆగస్టు మొదట్లోనో పంపితే జవాబు చేతిలో పెట్టుకుని విమానం ఎక్కవచ్చు.

లెటర్‌లో ఏం రాయాలి? ఒక నమూనా ఇస్తారా?

ఇంగ్లీషులోనే పంపాలి. విషయం ఎలా నడవాలో తెలియడానికి కింద తెలుగులో ఇస్తున్నాను. పేజీ దాటకూడదు. కుటుంబ కష్టాలు రెండు వాక్యాలకి మించి అక్కర్లేదు. మన దగ్గర ఆఫీసులకి రాసే అర్జీల్లో వేడుకోలు ఎక్కువ, తేదీలు తక్కువ. ఇక్కడ తిరగేసి రాయాలి.

> సబ్జెక్ట్: ఫీజు రెండో వాయిదాను రెండు భాగాలుగా కట్టడానికి అనుమతి కోరుతూ – స్టూడెంట్ ఐడీ, పేరు, కోర్సు, సెప్టెంబరు 2026
>
> నమస్కారం. నేను సెప్టెంబరు 2026లో మొదలయ్యే మాస్టర్స్ కోర్సులో చేరుతున్నాను. మొత్తం ఫీజు 19,500 పౌన్లు. ఇందులో 4,000 పౌన్ల డిపాజిట్ కట్టాను. రసీదు జతచేశాను. మిగిలినది 15,500 పౌన్లు.
>
> మీ పాలసీ ప్రకారం రిజిస్ట్రేషన్‌కి 5,750, 2027 జనవరి 29కి 9,750 కట్టాలి. మొదటి వాయిదా గడువులోపే కడతాను. రెండో వాయిదాను ఇలా కట్టడానికి అనుమతి కోరుతున్నాను: 2027 జనవరి 29 నాటికి 7,250 పౌన్లు, 2027 ఫిబ్రవరి 26 నాటికి 2,500 పౌన్లు.
>
> డబ్బు ఏర్పాటు ఇలా ఉంది. 5,750, 7,250 పౌన్లు నా ఎడ్యుకేషన్ లోన్ నుంచి వస్తాయి. బ్యాంకు వీటిని మీ ఇన్‌వాయిస్ చూసి నేరుగా మీ ఖాతాకి పంపుతుంది. శాంక్షన్ లెటర్ జతచేశాను. చివరి 2,500 పౌన్లు మా నాన్నగారి ఫిక్స్‌డ్ డిపాజిట్ నుంచి వస్తాయి. అది 2027 ఫిబ్రవరి 10న మెచ్యూర్ అవుతుంది. బ్యాంకు ధ్రువీకరణ, మా సంబంధం తెలిపే బర్త్ సర్టిఫికెట్ జతచేశాను. అవసరమైతే ఆ డిపాజిట్‌ను గడువుకి ముందే తీసుకోవచ్చు.
>
> నా జీవన ఖర్చులకి వేరే ఏర్పాటు ఉంది. పై మొత్తాలు దాని మీద ఆధారపడవు.
>
> రెండో విడత కోసం మా బ్యాంకు కొత్త ఇన్‌వాయిస్, ఎన్‌రోల్‌మెంట్ లెటర్ అడుగుతుంది. వాటిని డిసెంబరు మొదటి వారంలో ఇప్పించగలరా? ఈ తేదీలు మీకు సమ్మతమైతే రాతపూర్వకంగా తెలపమని కోరుతున్నాను.

ఇందులో ప్రతి మొత్తానికీ ఒక తేదీ, ఒక మూలం, ఒక కాగితం ఉన్నాయి. ఎఫ్‌డీ 10న మెచ్యూర్ అవుతుంటే గడువు 26 అడిగింది, ఎందుకంటే డబ్బు ఖాతాలో పడి, నాన్నగారు బ్యాంకుకి వెళ్లి ఫారం నింపి, అక్కడికి చేరడానికి పది రోజులైనా చేతిలో ఉండాలి. మీరూ మీ తేదీకి రెండు వారాలు కలిపి అడగండి. ఒకసారి ఒప్పుకున్న తేదీని మళ్లీ మార్చమని అడగడం చాలా కష్టం.

లెటర్‌లోని అంకెలు కాస్‌తో, శాంక్షన్ లెటర్‌తో, వీసా అప్లికేషన్‌తో పౌను తేడా లేకుండా కలవాలి. నేను ఎవరి లెటర్ చూసినా ముందు చేసే పని అదే: నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టి అంకెలు కలపడం.

బాబాయి, మేనమామ ఇచ్చే డబ్బు చూపించవచ్చా?

వీసాకి మీ సొంత డబ్బు, అమ్మానాన్నలది, చట్టబద్ధమైన గార్డియన్‌ది లేదా జీవిత భాగస్వామిది మాత్రమే చెల్లుతుంది. మేనమామ ఎంత ప్రేమగా ఇచ్చినా ఆయన ఖాతా స్టేట్‌మెంట్ పనికిరాదు. ఆయన ఇచ్చేది మీ ఖాతాలోకో నాన్న ఖాతాలోకో రావాలి, వచ్చాక వరసగా 28 రోజులు అక్కడే ఉండాలి, ఆ స్టేట్‌మెంట్ చివరి తేదీ అప్లికేషన్‌కి 31 రోజుల లోపు ఉండాలి. ఇంత మొత్తం ఒక్కసారిగా ఎలా వచ్చిందో చెప్పే కాగితం కూడా ఉంచుకోండి.

కన్సల్టెన్సీ వాళ్లు 28 రోజులు ఫండ్ చూపిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. కమీషన్ తీసుకుని మీ ఖాతాలో డబ్బు వేసి, వీసా అయ్యాక లాగేసుకుంటారు. దాన్ని మోసంగా తేలిస్తే పదేళ్లు యూకే వీసా దొరకకపోవచ్చు. పట్టుబడకపోయినా సమస్య తీరదు. సెప్టెంబరులో 5,750 కట్టాల్సిన రోజు ఆ ఖాతాలో రూపాయి ఉండదు. తెలియని ఊళ్లో, అద్దె కూడా కట్టని పిల్లవాడికి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించండి. తల్లిదండ్రులు ఈ ఒక్క విషయంలో గట్టిగా కాదనాలి.

తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధిని లెటర్‌లో రాయవచ్చా?

అంబేడ్కర్, మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి పథకాల కింద 20 లక్షల దాకా వస్తుంది, కానీ రెండు విడతలుగా. మొదటిది అక్కడికి చేరిన ఆధారాలు ఇచ్చాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు ఇచ్చాక. అంటే వీసాకి చూపించే సమయానికి ఆ డబ్బు మీ దగ్గర ఉండదు. విడుదల ఆలస్యమై పిల్లలు ఇబ్బంది పడ్డ సందర్భాలూ ఉన్నాయి. ఎంపికైతే సంతోషమే. దాన్ని లోన్ భారం తగ్గించుకోవడానికి వాడండి, ఫలానా తేదీ వాయిదా దాని నుంచే వస్తుందని మాట ఇవ్వకండి. లెటర్‌లో పేర్కొనాలనుకుంటే "అదనంగా రావచ్చు" అన్నంత వరకే.

అంతా సరిగ్గా పంపినా వాయిదా తక్కువ పడిందని మెయిల్ వచ్చింది. ఎందుకు?

స్విఫ్ట్‌లో పంపిన డబ్బు మధ్యలో ఇంకో బ్యాంకు మీదుగా వెళ్తుంది. ఆ బ్యాంకు తన ఛార్జీ అందులోంచే కోసుకుంటే 5,750 కాస్తా కొన్ని పౌన్లు తగ్గి చేరుతుంది. సిస్టమ్‌కి అది పూర్తి వాయిదా కాదు, ఆటోమేటిక్‌గా బాకీ చూపిస్తుంది. బ్యాంకు ఫారంలో ఛార్జీల దగ్గర OUR ఎంచుకుంటే ఆ ఖర్చు మన ఖాతా నుంచి పోతుంది. పర్పస్ కోడ్ S0305, రెఫరెన్స్‌లో స్టూడెంట్ ఐడీ ఉండాలి. ఐడీ లేకపోతే డబ్బు చేరినా ఎవరిదో తెలియక రోజుల తరబడి పక్కన పడి ఉంటుంది. అప్పుడు బ్యాంకు నుంచి స్విఫ్ట్ కాపీ తీసుకుని పంపితే వాళ్లు వెతికి జమ చేస్తారు.

రేటు సంగతి కూడా చూసుకోండి. లోన్ రూపాయల్లో ఉంటుంది, ఫీజు పౌన్లలో ఉంటుంది. జనవరికి పౌను 120 నుంచి 126 అయితే 7,250 పౌన్లకే 43,500 రూపాయలు ఎక్కువ పడుతుంది. మన అమ్మాయి లెక్కలో మిగులు సుమారు 1 లక్షా 75 వేలే. అందులోంచి ఈ తేడా భరించాలి. అందుకే మిగులుని ముందే ఖర్చు పెట్టేయకూడదు.

విదేశాలకి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు పట్టుకునే పన్ను, టీసీఎస్ గురించి చాలామంది అడుగుతారు. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన ఎడ్యుకేషన్ లోన్ నుంచి పంపితే అది ఉండదు. సొంత డబ్బు ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితేనే, దాటిన మొత్తం మీద పట్టుకుంటారు.

యూనివర్సిటీ కుదరదంటే?

ఎందుకు కుదరదో అడగండి. ఒక్కోచోట గడువు మార్చరు గానీ ఆలస్య రుసుముతో కొన్ని రోజులు ఇస్తారు. ఒక్కోచోట మరో ప్లాన్ చూపిస్తారు. మన ఉదాహరణలోనైతే ఎఫ్‌డీని జనవరిలోనే విరగ్గొడితే పోయేది కొంత వడ్డీ మాత్రమే. నాలుగు వారాల గడువు కోసం సీటుని ప్రమాదంలో పెట్టక్కర్లేదు.

ఒప్పుకున్నాక ఒక వాయిదా తప్పేలా ఉంటే?

గడువు దాటకముందే రాయండి, అదే లెటర్‌కి రిప్లైగా. ఎంత కట్టగలరో ఆ రోజు అంత కట్టి, మిగిలినదానికి కొత్త తేదీ, ఆలస్యానికి కారణమైన కాగితం జతచేయండి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే బ్రాంచి నుంచి ఒక మెయిల్ చాలు. మౌనంగా ఉండిపోతే ముందు రిమైండర్లు, తర్వాత లైబ్రరీ, ఆన్‌లైన్ క్లాసుల యాక్సెస్ ఆగిపోవడం, ఆ తర్వాత కోర్సు నుంచి తొలగింపు దాకా వెళ్తుంది. తొలగిస్తే యూనివర్సిటీ హోమ్ ఆఫీసుకి తప్పనిసరిగా చెప్పాలి, దాంతో వీసా గడువు కుదించేస్తారు. ఇంట్లో వాళ్లు కంగారు పడతారని పిల్లలు ఈ మెయిళ్లు దాచిపెడుతుంటారు. అమ్మానాన్నలూ, జనవరి రాగానే ఒకసారి ఫోన్ చేసి, "ఫీజు సంగతి ఏమైందమ్మా, మెయిల్ ఏమైనా వచ్చిందా" అని మీరే అడగండి. రెండో విడత ఇన్‌వాయిస్ బ్రాంచికి చేరిందో లేదో మాత్రం డిసెంబరులోనే చూసుకోండి.